అమ్మ మోకాలి క్యాప్ పై అంచు మడతపడి తొడలో దిగిపోతోంది, సైజు ఎక్కడ తప్పింది?

సుజాత, మారతహళ్ళి: డాక్టర్ గారు అమ్మను మోకాలి క్యాప్ వేసుకోమన్నారు. మోకాలి చిప్ప మీదుగా టేపు చుడితే 39 సెం.మీ. వచ్చింది. పెట్టె మీద స్మాల్‌కి 38 నుంచి 42 అని ఉంది, అదే తెచ్చాను. గంట తిరగకుండానే పై అంచు మడతపడి తొడలో గాటు పడుతోంది. సాయంత్రానికి పాదం ఉబ్బుతోంది. ఏం చేయాలి?

రమేష్: కొత్తది బిగుతుగానే ఉంటుంది అక్కా, వారంలో సాగుతుంది. వదులైతే జారిపోతుంది, ఎందుకూ పనికిరాదు.

పద్మజ, ఫిజియోథెరపిస్ట్, జయనగర్: వదులైతే జారుతుందన్నది నిజమే రమేష్ గారూ. కానీ పాదం ఉబ్బుతుంటే సాగేదాకా ఆగకూడదు. సుజాత గారూ, ముందు అది తీసేయండి. పెట్టె మీద కాలి బొమ్మ ఉంటుంది, అందులో టేపు గీత ఎక్కడుందో చూడండి. కొన్ని కంపెనీలు చిప్ప మధ్యలో కొలవమంటాయి, కొన్ని చిప్పకు పైన తొడ దగ్గర. చిప్ప కొలతను తొడ పట్టికలో వెతికితే ఇలాగే చిన్న సైజు వస్తుంది.

సుజాత: చూశాను. చిప్ప మధ్య నుంచి 15 సెం.మీ. పైన అని చిన్న అక్షరాల్లో ఉంది! అమ్మను నిలబెట్టి, అక్కడ పెన్నుతో గుర్తు పెట్టి కొలిస్తే 47. పట్టికలో మీడియం 42–46, లార్జ్ 46–50.

పద్మజ: అయితే లార్జ్. టేపు చర్మానికి ఆనితే చాలు, లాగి బిగించొద్దు. చీర మీద కాదు, చర్మం మీదే కొలవాలి. వేశాక తిమ్మిరి వచ్చినా, పాదం చల్లబడినా, రంగు మారినా వెంటనే తీసేయాలి. తీసేశాక కూడా పిక్క ఒక్కటే ఉబ్బి నొప్పిగా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

వెంకట్రావు, కె.ఆర్.పురం: నాకూ ఇంతేనమ్మా. నా ప్యాంటు సైజు 34 అని నడుం బెల్టు కూడా 34కే తీసుకున్నా, వెల్క్రో అంటనే లేదు. ఇది కూడా తొడ దగ్గరే కొలవాలా?

పద్మజ: లేదండీ, బెల్టు వేరు. అది కట్టే చోటే, అంటే చాలా బెల్టులకు బొడ్డు దగ్గర, నిలబడి పొట్ట లోపలికి పీల్చకుండా కొలవాలి. ప్యాంటు అంతకంటే కిందికి కడతాం, అందుకే ఆ అంకె పనికిరాదు.

వెంకట్రావు: ఇప్పుడే కొలిచాను, 39 అంగుళాలు! మా పెట్టె మీద సెంటీమీటర్లున్నాయి, 2.54తో గుణిస్తే 99.

సుజాత: పద్మజ గారూ, ఇంకొకటి. అమ్మ పిక్క సన్నం, 30 సెం.మీ.యే. లార్జ్ కింది వైపు వదులవదా?

పద్మజ: అవ్వొచ్చు. అలాంటి కాలికి పైన, కింద విడివిడిగా వెల్క్రో పట్టీలున్న రకం నయం. అయితే అమ్మగారు వంగి పట్టీలు బిగించుకోగలరా అన్నది చూడాలి. దుకాణానికి ఆవిడనే తీసుకెళ్లండి, వేయించి పది నిమిషాలు నడిపించి చూడండి.

రమేష్: పెట్టె తెరిచి వాడింది వెనక్కి తీసుకుంటారా అక్కా?

సుజాత: తెలీదు తమ్ముడూ, రేపు అడిగి చెప్తాను.