'నడిచి', 'గురించి' రెండూ 'ఇ'తోనే అయిపోతున్నాయి కదా, ఒకటి క్రియ, ఇంకోటి కాదా?

టెట్‌కి చదువుతున్నానండీ, ఉండేది తిరుపతిలోనే. ప్రాక్టీస్ కోసం నేనే ఒక వాక్యం రాసుకున్నా:

మా నాయన అలిపిరి నుంచి నడిచి వెళ్ళి, దర్శనం చేసుకోవడానికి లైన్లో నిల్చుని, గుండు గురించి అడిగాడు.

సమాపకం 'అడిగాడు', అందులో డౌట్ లేదు, అక్కడ ఆపేస్తే వాక్యం నిలబడతాంది. మిగతా వాటిలో అసమాపకాలు ఎన్ని? నాకు ఆరు వచ్చినాయి, మా రూమ్మేట్ నాలుగే అంటాంది. ఇంకోటి, ఒక బిట్ బ్యాంకులో ఆప్షన్లు క్త్వార్థం, శత్రర్థం, చేదర్థకం, క్రియార్థకం అని ఇచ్చినారు. ఈ చివరిది నేను మా నోట్సులో యాడా చూళ్ళేదు.

పీలేరు తమ్ముడు: సింపుల్ అక్కా, 'ఇ' వస్తే క్త్వార్థం. ముందు పని అయిపోయి తర్వాత ఇంకో పని జరగాల, ఇద్దరు కర్తలు ఉండకూడదు, అంతే. ఆరూ కరెక్టే.

చిత్తూరు వదిన: మేం కూడా పోయినేడు అలిపిరి నుంచే నడిచి పోయినాం. 3550 మెట్లు, మోకాళ్ళ మెట్టు కాడికి వచ్చేసరికి మా ఆయన కూర్చుండిపోయినాడు. గుండుకి టికెట్ కావాల్నా అని అడగతా ఉండారా మీరు?

కాదు వదినా, గ్రామరు 😅

రిటైర్డ్ తెలుగు పంతులు: అమ్మాయ్, మీ రూమ్మేటు చెప్పిందే సరి. ఆ తమ్ముడి మాట సగమే. 'ఇ' చూసి లెక్కబెట్టొద్దు, ఆ మాటని 'కుండా'లోకి తిప్పి చూడు. నడవకుండా, వెళ్ళకుండా, నిల్చోకుండా, మూడూ పలుకుతాయి. 'గురించకుండా' అని ఎవురన్నా అంటారా? 'గురించి' పుట్టడం క్రియలోంచే పుట్టింది, కానీ ఎప్పుడో గట్టిపడిపోయి ద్వితీయా విభక్తిలో కూర్చుంది. 'నుంచి'ని కూడా అట్లా తిప్పలేవు, అదీ విభక్తి పనే చేస్తాంది. కాబట్టి క్త్వార్థాలు మూడు, 'చేసుకోవడానికి' ఒకటి, మొత్తం నాలుగు.

ఇంక కర్త సంగతి. తమ్ముడు చెప్పేది సంస్కృతంలో సూత్రం, రెండు పనులకీ ఒకే కర్త ఉండాల. మనం 'వాన పడి మెట్లు జారతా ఉండాయి' అంటామా లేదా? పడింది వాన, జారేది మెట్లు. మొదటి పని రెండోదానికి కారణమైతే తెలుగు ఇద్దరు కర్తల్ని ఒప్పుకుంటాంది. 'ముందు పని అయిపోవాల' అనేది కూడా అన్నిచోట్లా నడవదు, 'నడిచి వెళ్ళాడు'లో నడవడం అయిపోయినాక వెళ్ళడం మొదలైందా? నడకే కదా వెళ్ళడం. అయినా రూపం చూసి క్త్వార్థమే అంటాం.

పీలేరు తమ్ముడు: వాన దెబ్బకి నా రూల్ పోయింది సార్ 🙏

సార్, మరి క్రియార్థకం?

రిటైర్డ్ తెలుగు పంతులు: ఒక పని ఇంకో పని కోసం జరిగితే వచ్చే రూపం అది. పాణిని తుమున్ ప్రత్యయం చెప్పేచోట 'క్రియాయాం క్రియార్థాయామ్' అంటాడు, ఆ మాటే. మేము క్లాసులో తుమర్థం అనేవాళ్ళం. తేడా పట్టుకోవాలంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టుకో: 'స్వామిని చూసి వచ్చాడు', 'స్వామిని చూడ్డానికి వచ్చాడు'. మొదటిదాంట్లో దర్శనం అయిపోయింది, రెండోదాంట్లో ఇంకా కాలేదు, లైన్లోనే ఉండాడో ఏమో, వెనక్కి తిరిగిపోయినా వాక్యం అబద్ధం కాదు. పద్యాల్లో అయితే 'చూడవచ్చెను' అని ఉంటాది, 'చూడన్' అనే రూపం. దాన్ని ఇప్పటి 'చూడవచ్చు'తో కలిపేసుకోవద్దు, అది సమాపకం.

మదనపల్లె అక్క (స్కూల్లో చెప్తాను): సార్, ఇక్కడ నేనొప్పుకోను. 'చేసుకోవడానికి'లో 'చేసుకోవడం' భావార్థకం, అంటే నామవాచకం లాంటిది, దానికి 'కి' చేరింది. 'ఊరికి' ఎట్లనో ఇదీ అట్లే. నామానికి విభక్తి పెట్టి అసమాపక క్రియ అంటే పిల్లోళ్ళకి ఏం చెప్పాల?

రిటైర్డ్ తెలుగు పంతులు: రూపం చూస్తే మీరన్నదే నిజం తల్లీ. కానీ 'దర్శనం చేసుకోవడానికి'లో దర్శనం దానికి కర్మ కదా, అంటే క్రియ లక్షణం ఇంకా పోలేదు. నేను పని చూసి చెప్తా, మీరు కట్టుబడి చూసి చెప్తారు.

మదనపల్లె అక్క: పరీక్షలో రెండూ ఆప్షన్లుగా ఇస్తే?

రిటైర్డ్ తెలుగు పంతులు: 'చేసుకోవడం' ఒక్కదాని కిందే గీత ఉంటే భావార్థకం, 'కి'తో కలిపి గీసింటే తుమర్థమో క్రియార్థకమో. నేనైతే అట్లే పెడతా.

పీలేరు తమ్ముడు: సార్ ఇంకొకటే. 'వస్తానని చెప్పాడు'. సమాపకాలు రెండా? ఆ 'అని' ఏంది? 'అను' ధాతువుకి క్త్వార్థమే కదా, 'అనకుండా' అని కూడా వస్తాంది, మీ టెస్టులో పాసైపోయింది!

రిటైర్డ్ తెలుగు పంతులు: 'వస్తాను' సమాపకమే, దాని వాక్యం లోపల అది పూర్తయింది. 'అని' సంగతికొస్తే, 'వస్తాననకుండా చెప్పాడు' అని చూడు, అర్థం తిరగబడిందా, అసలు అర్థమే లేకుండా పోయిందా?

పీలేరు తమ్ముడు: లేకుండా పోయింది. అంటే 'గురించి' పక్కన కూర్చున్నట్టేనా?

మదనపల్లె అక్క: నేనైతే అవ్యయం అంటా.

రిటైర్డ్ తెలుగు పంతులు: నేను ఇంకా క్త్వార్థమే అంటా. రేపు మాట్లాడుకుందాం, కరెంట్ పోయింది.