బాస్మతి: చేతిలో 41 కిలోలు చాలా, 105 ఉండాలా?

బెంజిసర్కిల్ బిర్యానీ: రోజుకి సగటున 40 కిలోల బాస్మతి వండుతాం, అటూఇటూ 8 కిలోలు. లోడు హైదరాబాద్ నుంచి వస్తుంది. చివరి పది ఆర్డర్లకి, ఆర్డరు పెట్టాక లోడు రావడానికి పట్టిన రోజులు: 3, 3, 4, 3, 3, 4, 3, 8, 3, 4. లోడు ఆలస్యమైనా పొయ్యి ఆగకుండా సేఫ్టీ స్టాక్ ఎంత పెట్టుకోవాలి? మా అకౌంట్స్ కుర్రాడు 26 కిలోలంటాడు, బావమరిది 120 అంటాడు.

వన్‌టౌన్ వాసి: లెక్కెందుకండీ? ఆదివారం 60 కిలోలు లేస్తాయనుకోండి. 8 రోజులకి 480. మామూలుగా సగటు 3.8 రోజులకి పట్టేది 152. తేడా 328 కిలోలు, అంటే పదమూడు బస్తాలు. అది పెట్టుకుని నిద్రపోండి.

స్టోర్స్ పాతకాపు: ఎనిమిది రోజులూ ఆదివారాలే వస్తే మీ లెక్క కరెక్టే. రోజుకి అంత అమ్మేవాడికి బియ్యం బెంగ ఉండదు, రెండో బ్రాంచి పెడతాడు.

కుర్రాడి 26 ఎక్కడ తప్పిందో చూడండి. వాడకంలో తేడానే లెక్కేశాడు, లారీ సంగతి వదిలేశాడు. లారీ ఒక్క రోజు ఆలస్యమైతే నిండా 40 కిలోలు తరుగు. పది ఆర్డర్లకి సగటు 3.8 రోజులు, ఆ రోజుల్లో అటూఇటూ తేడాకి ఎక్సెల్‌లో STDEV.S కొడితే 1.55 వస్తుంది. రెండూ కలిపితే ఇదీ:

```
=1.65*SQRT(3.8*8^2 + 40^2*1.55^2)
```

105 కిలోలు. బ్రాకెట్లో మొదటి ముక్క 243, రెండోది 3,844. వంటగదిలో ఎంత జాగ్రత్తపడినా మీ స్టాక్ తగ్గదు, బండి టైముకి వస్తేనే తగ్గుతుంది. మామూలుగా పట్టే 152, ఈ 105 కలిపి, స్టోర్‌లో 257 కిలోలకి దిగగానే ఆర్డరు పెట్టండి.

గుంటూరు మెస్: మాకు పెరుగుతో ఇదే గోల అన్నా. పాలకేంద్రం వాడు ఒకరోజు ఆరింటికి, ఒకరోజు పదకొండింటికి వస్తాడు. ఈ ఫార్ములా చూసి రెండు క్యాన్లు ఎక్కువ పెట్టా. మూడోరోజుకి పులిసి మజ్జిగపులుసు పాలయ్యాయి.

స్టోర్స్ పాతకాపు: పెరుక్కి స్టాక్ కాదు తమ్ముడూ, రెండో పాలవాడి ఫోన్ నంబరు ఉండాలి. బియ్యం నిలవ ఉంటే డబ్బు ఇరుక్కుంటుందంతే, పెరుగు నిలవ ఉంటే డబ్బు పోతుంది. ఈ లెక్క నిలవుండే సరుక్కే.

పటమట క్లౌడ్ కిచెన్: పాతకాపు గారూ, ఒక్క మాట. మీరన్నట్టే 257 దగ్గర ఆర్డరు పెట్టారు, లోడు 8 రోజులకి వచ్చింది. కావాల్సింది 320. 63 కిలోలు తక్కువ, అంటే రోజున్నర పొయ్యి ఆగుతుంది. ఆ 1.65 నూటికి తొంభై ఐదు ఆర్డర్లకి ఢోకా లేదనే కదా చెప్తుంది? ఇక్కడ పదింట్లో ఒకటి తప్పుతోంది మరి.

స్టోర్స్ పాతకాపు: పట్టేశావమ్మా. ఆ లెక్క, ఆలస్యాలు సగటుకి అటూ ఇటూ సమంగా పరుచుకుంటాయనుకుంటుంది. ఈయన లారీ 3, 4 మధ్యే తిరిగి ఒక్కసారి 8కి ఎగిరింది. అలాంటప్పుడు ముందు ఆ 8 ఎందుకొచ్చిందో అడగాలి.

బెంజిసర్కిల్ బిర్యానీ: అది సంక్రాంతి వారమండీ. హమాలీలు ఊళ్లకి పోయారు, లోడెత్తేవాడు లేడన్నాడు.

స్టోర్స్ పాతకాపు: అయితే తీసేయండి. మిగతా తొమ్మిదికి సగటు 3.3, తేడా 0.5. సేఫ్టీ స్టాక్ 41 కిలోలే. పండక్కి మాత్రం వారం ముందే ఆర్డరు పెట్టండి. క్యాలెండర్లో కనిపించే ఆలస్యానికి ఏడాది పొడవునా బస్తాలు మొయ్యడమెందుకు? 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి, హైదరాబాద్ రోడ్డు ఆగిపోయింది కదా, అది కూడా ఈ లెక్కలో కలిపితే గోడౌన్ కట్టుకోవాల్సిందే.

పటమట క్లౌడ్ కిచెన్: సరఫరాదారు చెప్పిన కారణాన్ని నేను నమ్మను. మా వాడు ప్రతి ఆలస్యానికీ ఓ పండగ చూపిస్తాడు. అసలు 41కీ 105కీ తేడా 64 కిలోలు. కిలో 110 అనుకున్నా 7,040 రూపాయలు. నూటికి రూపాయిన్నర వడ్డీ వేసినా నెలకి నూట ఆరు. ఒక్క పూట వేరే రకం బాస్మతి తెచ్చి వండితే నానబెట్టే టైము కుదరక మెతుకు విరిగి, హండీ మొత్తం పోతుంది. నేనైతే 105 ఉంచుతా, పండక్కి ముందూ పెడతా.

వన్‌టౌన్ వాసి: చూశారా, చివరికి అందరూ నా దారికే వస్తున్నారు.

స్టోర్స్ పాతకాపు: 328కి ఎవరూ రాలేదు బాబూ. అమ్మాయి వడ్డీ లెక్క బాగుంది గానీ, స్టోర్ రూములో జాగా, ఎలుకలు దాంట్లో లేవు. పది ఆర్డర్లు చాలా తక్కువ కూడా. ఇంకో పది రాసిపెట్టండి, పండగ లేని వారంలో మళ్లీ 6, 7 కనిపిస్తే నేనే 105కి ఒప్పుకుంటా.

బెంజిసర్కిల్ బిర్యానీ: ప్రస్తుతానికి మూడు బస్తాలు విడిగా పక్కన పెట్టిస్తున్నా, 75 కిలోలు. ఇంకో డౌటు: ఆర్డరు నేను శనివారం రాత్రి పెడతా, వాడు సోమవారం చూస్తాడు. రోజులు ఎప్పట్నుంచి లెక్కపెట్టాలి?

పటమట క్లౌడ్ కిచెన్: మీరు మెసేజ్ కొట్టిన రాత్రి నుంచే. ఆ పది ఆర్డర్లకీ వాడు చూసిన సోమవారం నుంచి లెక్కేసుంటే, పైన వేసిన అంకెలన్నీ మళ్లీ వెయ్యాలి.