ఇంటి వీపీఎన్ ద్వారా పెద్ద ఫైళ్లు తెరవడం: అప్‌లోడ్ వేగాన్ని ఎలా అధిగమించాలి?

విజయవాడలోని మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై మీద వైర్‌గార్డ్ నడుపుతూ, అక్కడి హార్డ్ డిస్కులో ఉన్న ఫొటోషాప్ ఫైళ్లను బెంగళూరు నుంచి తెరుస్తున్నాను. 600 ఎంబీ ఫైలు తెరుచుకోవడానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతోంది. ఇక్కడి నెట్ వేగం 200 ఎంబీపీఎస్ కాబట్టి తప్పు వైర్‌గార్డ్‌దేనని చాలా రోజులు పొరబడి, ఎంటీయూ విలువలు మార్చి చూశాను, ఫలితం లేదు. చివరికి బెంగళూరు నుంచి ఈ పరీక్ష చేశాను:

```
iperf3 -c 10.0.0.1 -R
```

ఇల్లు పంపే దిశలో 9.4 ఎంబీపీఎస్ మాత్రమే వచ్చింది, ఆ సమయంలో రాస్ప్‌బెర్రీ పై ప్రాసెసర్ దాదాపు ఖాళీగానే ఉంది. మా ఇంటి ప్లాను డౌన్‌లోడ్‌కు 100, అప్‌లోడ్‌కు 10 ఎంబీపీఎస్. నేను ఇక్కడ దించుకునే ప్రతి బైటునూ ఇల్లు అప్‌లోడ్ చేయాలి కనుక 600 ఎంబీని ఎనిమిదితో గుణించి పదితో భాగిస్తే వచ్చే 480 సెకన్లు నా అనుభవానికి సరిపోతున్నాయి.

రెండు దిశల్లోనూ సమాన వేగమిచ్చే ప్లాను మా వీధికి ఇంకా రాలేదు. మారిన భాగాలను మాత్రమే పంపే సింక్‌థింగ్‌తో రెండు చోట్లా ప్రతులు ఉంచుకోవడం మేలా, లేక ఫైలును కదిలించకుండా ఇంటి కంప్యూటర్‌నే రిమోట్ డెస్క్‌టాప్‌లో వాడటం మేలా? లేయర్లున్న పెద్ద ఫైలును సేవ్ చేసినప్పుడు సింక్‌థింగ్ నిజంగా ఎంత భాగం పంపుతుందో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.