స్కూల్ నుంచి మొదటి ఫోన్ ఎవరికి రావాలి?

రెండో_ఇన్నింగ్స్: తొమ్మిదేళ్ల గ్యాప్ తర్వాత వచ్చే నెల అకౌంట్స్ ఉద్యోగంలో చేరుతున్నాను. పిల్లలకు 9, 6 ఏళ్లు. స్కూల్లో మొదటి నంబరు ఇన్నాళ్లూ నాదే. ఇప్పుడు మా ఆయనది పెట్టిద్దామంటే "కొత్తలో నీకు పెద్దగా పని ఉండదు కదా, నీదే ఉండనీ, ఆరు నెలలయ్యాక చూద్దాం" అంటున్నారు. మార్చాలని పట్టుబట్టడం నా తప్పా?

తూనికరాయి: తప్పేం కాదు, రేపే వెళ్లి మార్పించేయండి. ప్రొబేషన్‌లో ఉండగా నెలకు రెండుసార్లు మధ్యలో లేచి వెళ్లిపోతే ఎవరు ఊరుకుంటారు? ఆ ఒక్క నంబరు మారితే మీ సమస్య సగానికి పైగా తీరినట్టే.

పాతచెట్టు: ఇన్నేళ్లు ఆగినవారు ఇంకో రెండేళ్లు ఆగితే చిన్నది కూడా చేతికి అందివస్తుంది కదమ్మా. అంత తొందరేముంది?

తూనికరాయి: చేరాలా వద్దా అని ఆవిడ అడగలేదండీ. ఫోన్ గురించి అడిగారు.

నిలువుగీత: పద్నాలుగేళ్లు హెచ్‌ఆర్‌లో ఉన్నాను, మధ్యలో ఐదేళ్లు నేనూ మానేసి మళ్లీ చేరాను, కాబట్టి రెండువైపులా చూసిన మాట చెప్తున్నా. మీ ఆయన లెక్క తలకిందులుగా ఉంది. ఆఫీసు మధ్యలో లేచి వెళ్లడానికి కావలసింది ఖాళీ కాదు, పరపతి. ఏళ్ల తరబడి ఒకచోట పనిచేసినవాడు "బాబుకు జ్వరం, వెళ్తున్నా" అంటే మేనేజరు తల కూడా ఎత్తడు, ఎందుకంటే అతను ఆ పని రాత్రికి పూర్తి చేస్తాడని తెలుసు. అదే మాట చేరిన మూడో వారంలో మీరంటే, పైకి ఎవరూ ఏమీ అనరు గానీ తర్వాత ముఖ్యమైన పని పంచేటప్పుడు మీ పేరు గుర్తుకు రాదు. పైగా కొత్తవాళ్లకు సెలవులు ఇంకా జమ అయ్యి ఉండవు. ఆరు నెలలు అటు మోయాల్సింది ఆయనే, ఆ తర్వాత కావాలంటే సమానంగా పంచుకోండి.

కానీ తూనికరాయి గారూ, నంబరు మారిస్తే సగం తీరిందన్న మాట నేను ఒప్పుకోను. మా ఇంట్లో జరిగింది వినండి. పదకొండున్నరకి స్కూల్ వాళ్లు మా ఆయనకే ఫోన్ చేశారు, పాపకు జ్వరమని. ఆయన వెంటనే బయలుదేరారు కూడా. ఆ తర్వాత నాకు ఆరు ఫోన్లు. డాక్టర్ నంబరు ఏది, ఫైలు ఎక్కడుంది, ఇంట్లో ఉన్న సిరప్ ఎంత పోయాలి, పొద్దున ఏమైనా వేశావా, తనని ఎత్తుకుని మెట్లెక్కుతున్నా తాళం ఏ సంచిలో ఉంది, ఇలా. నేను మీటింగ్ బయట వరండాలో నిలబడి సిరప్ మోతాదు చెప్తున్నా. వెళ్లింది ఆయనే, పని మాత్రం నాదే అయింది. సిరప్ సంగతైతే మరీ, మోతాదు పాప బరువును బట్టి ఉంటుంది, ఒక్కో సీసాలో మందు బలం ఒక్కోలా ఉంటుంది, అలాంటిది ఫోన్లో హడావుడిగా చెప్పించుకోవడం ప్రమాదం కూడా.

దీని మీద డామింగర్ అనే సోషియాలజిస్టు 2019లో ఒక అధ్యయనం వేసింది. ఇంటి ఆలోచన పనిని నాలుగు ముక్కలు చేసింది: ముందే ఊహించడం, దారులు వెతకడం, తేల్చుకోవడం, జరిగిందో లేదో చూసుకోవడం. తేల్చుకునే దగ్గర భార్యాభర్తలు ఇద్దరూ ఉంటారు, మొదటిదీ చివరిదీ ఎక్కువగా భార్య మీదే పడతాయి అని తేలింది. మీరు ఆయనకివ్వాల్సింది ఫోన్ కాదు, ఆ నాలుగూ.

ఇద్దరి_నాన్న: నాకు వేరే అనుభవం. నా నంబరే మొదట రాయించాం, అయినా మూడుసార్లలో రెండుసార్లు ఫోన్ మా ఆవిడకే వెళ్లింది! విచారిస్తే ఏం తేలిందంటే, ఆఫీసు రికార్డులో నాది మారింది గానీ క్లాస్ టీచర్ ఫోన్లో ఇంకా "ఫలానా వాళ్లమ్మ" అని తన నంబరే ఉంది, బస్సు డ్రైవర్ దగ్గరా తనదే, క్లాస్ గ్రూపులో నేను అసలు లేను. నాలుగు చోట్లా మార్చుకుంటే గానీ ఆగలేదు. అమెరికాలో బజార్డ్, జీ, స్టాడర్డ్ అనే ఆర్థికవేత్తలు వేలమంది ప్రిన్సిపాళ్లకు తల్లిదండ్రులు రాసినట్టు ఈమెయిళ్లు పంపి చూస్తే, తండ్రి కంటే తల్లికి 1.4 రెట్లు ఎక్కువగా ఫోన్ చేశారట. నాకు ఫోన్ చేయండి అని తండ్రి రాసినా కూడా కొందరు తల్లికే చేశారు. కాబట్టి మీ ఆయన ఒప్పుకున్నా స్కూల్ ఒప్పుకుంటుందని అనుకోకండి.

రెండో_ఇన్నింగ్స్: నిలువుగీత గారూ, నాలుగూ ఇవ్వడం అంటే ఎలా? కాగితం మీద అంతా రాసిచ్చాను, మూడు పేజీలు.

నిలువుగీత: అదే గొడవ. ఆ మూడు పేజీలు ఎవరు రాశారు? మీరు. రేపు డాక్టర్ మారితే ఎవరు దిద్దుతారు? మళ్లీ మీరే. ఆయన చేత రాయించండి, ఆయన తనంతట తాను డాక్టర్ దగ్గరికి పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లి, సిరప్ గురించి తానే అడిగి తెలుసుకుని రాసుకోవాలి. చేరడానికి రెండు వారాల ముందు ఒక పని రోజున పొద్దున ఎనిమిదికి ఇల్లు వదిలి సాయంత్రం ఆరున్నరకు రండి. ఫోన్ ఎత్తకండి, కానీ ఆయన చేసిన ఫోన్లు ఎన్నో లెక్కపెట్టుకోండి. మాకు మొదటి రోజు తొమ్మిది, మూడో రోజు రెండు. ఆ అంకె తగ్గకపోతే పని ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు. ఆ రోజు చిన్నది జడ వంకరగా వేసుకుని స్కూలుకు వెళ్తుంది, వెళ్లనివ్వండి. సాయంత్రం వచ్చి మీరు సరిచేస్తే మర్నాటికి దువ్వెన మీ చేతికే వస్తుంది.

తూనికరాయి: జడ సరే, మందుల విషయంలో "వదిలేయండి" అంటే నేను ఒప్పుకోను.

నిలువుగీత: అవును, అది నేను సరిగ్గా చెప్పలేదు. మందుకు మాత్రం ఫోన్ ఎత్తాలి. మిగతావాటికి వద్దు.

వెన్నెల_మెట్లు: ఒకరి మీదే మొత్తం పెట్టడం నాకు నచ్చలేదు. మేం రోజులు పంచుకున్నాం, సోమ, బుధ, శుక్ర ఆయన, మిగతావి నేను. ఇద్దరికీ మీటింగులు ఏ రోజు పెట్టుకోవాలో తెలుస్తుంది.

ఇద్దరి_నాన్న: ఇవాళ ఎవరి రోజో స్కూల్ గుర్తుపెట్టుకోదండీ, మళ్లీ తల్లికే కొడతారు.

వెన్నెల_మెట్లు: స్కూల్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఫోన్ ఎత్తినవాళ్లు "ఈరోజు ఆయన వస్తారు" అంటే చాలు. మాకు నాలుగేళ్లుగా నడుస్తోంది.

రెండో_ఇన్నింగ్స్: నిన్న రాత్రి మాట్లాడాం. పరపతి సంగతి చెప్తే కాసేపు ఊరుకుని, "అది నిజమే, మా వాళ్లు నన్నేమీ అనరు" అన్నారు. ఆరు నెలలు ఆయనే మొదట. నాలుగు చోట్లా నంబరు మార్పించే పని కూడా ఆయనకే ఇచ్చాను, టీచర్‌దీ డ్రైవర్‌దీ అయ్యాయి, గ్రూపులో ఇంకా చేరలేదు, నేనూ గుర్తుచేయడం లేదు, చేతులు దురద పెడుతున్నాయి. ఒక్కటి మాత్రం తేలలేదు. నెల మొదటి మూడు పనిదినాలు అకౌంట్స్ క్లోజింగ్, నేను కదలలేను, సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయనకు పై ఆఫీసు వాళ్లతో రివ్యూ. ఆ మూడు రోజులకు మూడో నంబరు ఎవరిదో ఒకరిది కావాలి. మీలో ఎవరైనా పక్కింటి వాళ్లనో స్నేహితులనో అధికారికంగా స్కూల్లో రాయించారా? పిల్లల్ని వాళ్లతో పంపడానికి ఏం కాగితాలు అడిగారు?