ఉత్తరంలో మాట ఒకటి, తెర మీద బొమ్మ ఇంకొకటి: ప్రతి లైనుకీ కావాలా?

తెనాలి కుర్రోడు:
12 నిమిషాల షార్ట్ తీస్తున్నా. దోహాలో షట్టరింగ్ పని చేసే మా పక్క ఊరి కుర్రాడు అమ్మకు రాసిన ఉత్తరం 90 సెకన్లు వాయిస్‌ఓవర్‌లో వస్తుంది. "గది చల్లగా ఉంటుందమ్మా" అన్నప్పుడు ఉక్కపోత గది, "తిండికి లోటు లేదు" అన్నప్పుడు ఎండిపోయిన రొట్టె, "పని తేలికే" అన్నప్పుడు సిమెంటు బస్తా పడతాయి. ఫ్రెండ్స్‌కి చూపిస్తే కొందరు బాగుందన్నారు, కొందరు మూడో లైనుకి నవ్వేశారు. ప్రతి లైనుకీ ఇలా ఎదురు బొమ్మ పెట్టాలా, వద్దా?

లెన్స్ మామ:
పెట్టాల్సిందే. మాటలో ఉన్నదే బొమ్మలోనూ చూపిస్తే అది వాచకం పుస్తకం అవుతుంది, షార్ట్ ఫిల్మ్ కాదు. నవ్వారంటే తప్పు చదివినవాడిది. గొంతులో కాస్త ఏడుపు పెట్టించు, ఎవడూ నవ్వడు.

బీసెంట్ రోడ్ ఎడిటర్:
మామ అన్న మొదటి ముక్కతో నాకు పేచీ లేదు. ఏడుపు గొంతు మాత్రం వద్దు. అమ్మకు అనుమానం రాకూడదని రాసే ఉత్తరం అది. చదివేవాడే ఏడిస్తే దాచడానికి ఇంకేం మిగిలింది?

నవ్వు ఎందుకొచ్చిందో చెబుతా. నీ మూడు లైన్లూ పచ్చి అబద్ధాలు, మూడు బొమ్మలూ వాటికి తిరుగు సమాధానాలు. మొదటిసారి ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, రెండోసారి లెక్క తెలిసిపోతుంది, మూడోసారి నువ్వు చూపించకముందే చెప్పేస్తాడు. పైగా వాడు అబద్ధాలకోరు, వాళ్లమ్మ అమాయకురాలు అన్నట్టు తయారవుతుంది. అది నీ ఉద్దేశం కాదనుకుంటా.

నేనైతే మాట కూడా నిజమే ఉండాలంటాను. "ఏసీ గదమ్మా, రాత్రిళ్లు దుప్పటి కప్పుకోవాల్సిందే" అని రాయి. ఇందులో అబద్ధం లేదు. బొమ్మలో మంచాల మీద మంచాలు, పై మంచంలో మనవాడు, ఏసీ గాలి సరిగ్గా మొహం మీదికి. అట్టముక్క అడ్డం పెట్టి తువ్వాలు చుట్టుకుని పడుకున్నాడు. మాటా నిజం, బొమ్మా నిజం, రెండూ మాత్రం కలవవు. అలాంటి చోట ఎవరూ నవ్వరు.

ఇంకొకటి. "మధ్యాహ్నం ఎండలో పని చేయనివ్వరు, ఇక్కడ గవర్నమెంటు రూలు." ఇదీ నిజమే. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకూ ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. రొట్టె, బస్తాలు తీసేసి ఇది పెట్టు. బొమ్మలో ఇంకా తెల్లారలేదు, కంపెనీ బస్సు హెడ్‌లైట్లు, తలలు వాల్చి నిద్రపోతున్న మనుషులు. ఎండలో పని ఆపారంటే డ్యూటీ చీకట్లో మొదలైందని వేరే చెప్పక్కర్లేదు.

అరండల్‌పేట:
వాయిస్‌ఓవర్‌కి ఏ మైక్ వాడుతున్నారు బ్రో? నా దగ్గర కాలర్ మైక్ ఉంది, ఫ్యాన్ సౌండ్ వచ్చేస్తోంది.

బీసెంట్ రోడ్ ఎడిటర్:
ఫ్యాన్ ఆపి, బట్టల బీరువా తలుపులు తీసి దాని ముందు కూర్చుని చదివించు తమ్ముడూ. ఇక్కడ గొడవ మైక్ గురించి కాదులే.

తెనాలి కుర్రోడు:
అన్నా, నిజమే రాయాలంటే బాధ ఎక్కడ తెలుస్తుంది? కట్ ఏ మాట దగ్గర పడాలో కూడా అర్థం కావట్లేదు. "ఏసీ" అనగానే ఏసీ షాట్ వేశాను, అదేదో ప్రకటనలా ఉంది.

బీసెంట్ రోడ్ ఎడిటర్:
మన భాషలో క్రియ చివర్లో వస్తుంది. ఔనో కాదో అక్కడే తేలుతుంది. "నాకు జ్వరం వస్తే డ్యూటీకి రమ్మని ఎవరూ అడగరు" అనే వాక్యం తీసుకో. "అడగరు" వినేదాకా వినేవాడికి సగమే తెలుసు. నువ్వు "జ్వరం" దగ్గరే కట్ చేస్తే బొమ్మ ముందే జవాబు చెప్పేస్తుంది, మిగతా వాక్యం దండగ. కాబట్టి అప్పటిదాకా వాడి చెయ్యి రాస్తున్న షాటే ఉంచు. "అడగరు" అయ్యాక ఒక సెకను గది చప్పుడు మాత్రం విననిచ్చి, అప్పుడు జీతం చీటీ చూపించు. రెండు రోజుల జీతం కోత. ఎవరూ అడగలేదు, నిజమే. చీటీ కనీసం మూడు సెకన్లు ఉండాలి, లేకపోతే అంకె చదవలేరు.

నీ స్క్రిప్టులో ఉత్తరం ఎన్ని మాటలుంది?

తెనాలి కుర్రోడు:
160 దాకా ఉంటాయి.

బీసెంట్ రోడ్ ఎడిటర్:
సగానికి కోసెయ్. నిదానంగా చదివితే నిమిషానికి 90, 100 మాటలు. 160 పెడితే 90 సెకన్లూ మాటలతోనే నిండిపోతాయి, బొమ్మకు ఊపిరాడదు. 80 మాటలు, మూడు జతలు చాలు. మధ్యలో ఒక లైను బొమ్మతో కలిసిపోనీ. "శుక్రవారం బట్టలు ఉతుక్కుంటాను" అంటే బట్టలు ఉతుక్కుంటున్నట్టే చూపించు. అలా ఒకటి ఉంటే తర్వాతిది ఎలా వస్తుందో ఊహించలేరు.

మంగళగిరి అక్క:
మీరంతా దోహాలోనే తిరుగుతున్నారు. దోహా ఎక్కడ తీస్తారు తమ్ముడూ, ఆటోనగర్ షెడ్డులోనా? గది వరకూ అయితే నడుస్తుంది, బయట వీధి చూపించగానే దొరికిపోతారు. ఉత్తరం చదివేది అమ్మ కదా, బొమ్మలన్నీ అమ్మ వైపే పెట్టి చూడండి. "ఎండలో పని చేయనివ్వరు" అని కొడుకు గొంతు, బొమ్మలో కళ్లంలో ఎర్రటి ఎండకు మిర్చి ఎండబోస్తున్న అమ్మ. "పోయిన నెల పంపిన డబ్బులు అందాయా" అంటే, స్లాబ్ పడని ఇల్లు, స్తంభాల్లోంచి పైకి లేచి తుప్పు పట్టిన ఊచలు. ఖర్చు లేదు, గుంటూరు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

బీసెంట్ రోడ్ ఎడిటర్:
అక్కా, ఊచల ఇల్లు అద్భుతం. మిర్చి దగ్గర ఒక చిక్కుంది. ఆ రూలు జూన్ నుంచి. మిర్చి కళ్లాలు ఫిబ్రవరి, మార్చి, మహా అయితే ఏప్రిల్. మన జిల్లావాళ్లు ఇట్టే పట్టేస్తారు.

మంగళగిరి అక్క:
అయితే కోల్డ్ స్టోరేజీ సరుకుకు తొడిమలు తీయించండి. ఆ పని తర్వాత కూడా దొరుకుతుంది. ఎండ ఉండదు కానీ ఘాటుకు తుమ్ములు, దగ్గు ఉంటాయి. ఉత్తరంలో "దుమ్ము పడకుండా మూతికి గుడ్డ కట్టుకుంటున్నాను" అనిపించి ఆమె మొహానికి కట్టుకున్న పైటకొంగు చూపించవచ్చు.

లెన్స్ మామ:
అది కాంట్రాస్ట్ ఎలా అవుతుంది? ఇద్దరిదీ ఒకటే పరిస్థితి.

మంగళగిరి అక్క:
ఒకరికొకరు చెప్పుకోకపోవడమే కాంట్రాస్ట్.

బుడమేరు గట్టు:
మా నాన్న కువైట్‌లో ఉన్నప్పుడు ఉత్తరాలు తక్కువ, క్యాసెట్లు ఎక్కువ. రికార్డు చేసి ఊరొచ్చేవాళ్లతో పంపేవాడు. మధ్యలో "టక్" మని ఆగి మళ్లీ మొదలయ్యేది, గొంతు మారి ఉండేది. ఆ టక్ దగ్గర ఏం జరిగిందో మా అమ్మ ఎప్పుడూ అడగలేదు. అదలా ఉంచితే, ఇప్పటి దోహా కుర్రాడు ఉత్తరం రాస్తాడా? వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతాడు. అమ్మ వీడియో కాల్‌లో గది చూపించమంటే ఈ ఉత్తరమంతా ఏమవుతుంది?

తెనాలి కుర్రోడు:
అదే నన్నూ తొలుస్తోంది బాబాయ్. కానీ ఉత్తరం వదిలితే "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" పోతుంది. వాయిస్ మెసేజ్‌లో అలా ఎవరూ మాట్లాడరు. నా షార్ట్ ఆ లైనుతోనే మొదలవుతుంది.

బీసెంట్ రోడ్ ఎడిటర్:
వాయిస్ మెసేజే అయితే టక్ బదులు "డిలీటెడ్" అని పడే మెసేజ్‌లు ఉన్నాయి. ఉత్తరమే కావాలంటే వాడు రాసి పంపనిదని చెప్పాలి, అప్పుడు అమ్మకు దాచడం అనే మాటే ఉండదు, నేను చెప్పిన జతలన్నీ మళ్లీ రాయాలి. నాకైతే వాయిస్ మెసేజే నయమనిపిస్తోంది.

మంగళగిరి అక్క:
నాకు అలా అనిపించడం లేదు. రాసి పంపనిదే బాగుంటుంది.

తెనాలి కుర్రోడు:
ఆదివారం ఆటోనగర్‌లో గది సెట్ వేస్తున్నా. అట్టముక్క, తువ్వాలు, జీతం చీటీ రెడీ. ఊచల ఇల్లు మా పెదనాన్నదే ఉంది, ఆయన్ని అడగాలంటే మాత్రం మొహమాటంగా ఉంది. పోయిన సంక్రాంతికే స్లాబ్ వేస్తానన్నాడు.