మే నెల రిసెప్షన్‌కు వరుడి తమ్ముడు షేర్వాణీ వేసుకోవాలా, బంద్‌గలా వేసుకోవాలా?

మధురవాడ, అడిగినవారు: మా అన్నయ్య రిసెప్షన్ మే నెలలో, బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట, సాయంత్రం 7 గంటలకు జరుగుతుంది. అన్నయ్యది బంగారు జరీ పని ఉన్న మీగడ రంగు షేర్వాణీ. నన్ను కూడా అదే రంగు తీసుకోమని అమ్మ పట్టుబడుతోంది. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, కొంచెం పొట్ట ఉంది. ఏది నప్పుతుందో దయచేసి చెప్పండి.

సీతమ్మధార: తోడు పెళ్లికొడుకుకు ఇవేవీ వద్దు బాబూ, పట్టు పంచె, కండువా చాలు. మా మరిది బిగుతు చుడీదారు పైజమాతో వచ్చి, పీటల పక్కన చాప మీద కూర్చోలేక ముహూర్తమంతా నిలబడే ఉన్నాడు.

అడిగినవారు: ముహూర్తానికి పంచెలే అనుకున్నాం అక్కా. నా సందేహం రిసెప్షన్ గురించి మాత్రమే.

గాజువాక: బంద్‌గలాయే మేలండీ. పొడవు తక్కువ కాబట్టి ఉక్కపోత ఉండదు. ముదురు రంగు సన్నగా చూపిస్తుంది కనుక నల్ల వెల్వెట్ తీసుకోండి.

జగదాంబ ప్రాంతపు దర్జీ: బంద్‌గలా అన్న మాట సరైనదే, కానీ ఉక్కకు కారణం పొడవు కాదు, లోపలి లైనింగు. మన సముద్రపు గాలిలో చెమట ఆరదు. పాలియెస్టర్ లైనింగు దాన్ని పీల్చదు, కాబట్టి అరగంటలో వీపుకు అంటుకుపోతుంది. దుకాణంలో తడి వేలిని లైనింగు మీద ఆనించి చూడండి. తడి వెంటనే ఇంకితే నూలు వంటి చెమట పీల్చే బట్ట, పైనే మెరుస్తూ నిలిస్తే పాలియెస్టర్ కావచ్చు. మే నెలలో వెల్వెట్ అసలు వద్దు. పిస్తా, లేత నీలం వంటి రంగుల రా సిల్క్ మీద చంకల దగ్గర చెమట మరక దూరం నుంచే కనబడుతుంది.

మీ ఎత్తుకు మోకాలు దాటిన షేర్వాణీ కాళ్లను పొట్టిగా చూపుతుంది, పిరుదులు కప్పేంత బంద్‌గలా అలా చూపదు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. పొడవు, నడుము తర్వాత సరిచేయవచ్చు గాని, భుజం సరిచేయడం దాదాపు కొత్తగా కుట్టడమే. కాలర్ హుక్ పెట్టుకుని కూర్చోండి. లోపల ఒక వేలు తేలిగ్గా దూరాలి, పొట్ట దగ్గర గుండీల మధ్య బట్ట విచ్చుకోకూడదు.

ఇక రంగు: రెండు మీగడ రంగులు అచ్చంగా కలవడం అరుదు. ఫొటోలో పక్కపక్కన నిలబడితే ఒకటి వెలిసినట్టు కనిపిస్తుంది. ముదురు సీసా ఆకుపచ్చ తీసుకుని, గుండీలను మాత్రం అన్నయ్య జరీకి కలిసే పాత బంగారు రంగులో వేయించండి, అమ్మగారి కోరికా కొంత తీరుతుంది.

సీతమ్మధార: ఆకుపచ్చ కంటే వంకాయ రంగు నిండుగా ఉంటుంది నాయనా, అమ్మ చీర రంగు చూసుకో.

అడిగినవారు: అమ్మ చీర ఆకుపచ్చే. ఆదివారం అన్నయ్య షేర్వాణీని వెంట తీసుకెళ్లి, రెండు రంగుల గుడ్డలనూ దుకాణం బయట వెలుతురులో దాని పక్కన పెట్టి చూస్తాను.