‘తస్లీమ్’ని తెలుగులో ఏమనాలి?

మలిపొద్దు: యూనివర్సిటీలో ఎం.ఏ. పిల్లలకు సూఫీ మార్గం గురించి ఆరు క్లాసులు చెప్పాలి. సిద్ధాంతంతో మొదలుపెడితే రెండో క్లాసుకే నోట్సు అడుగుతారు. అందుకని ఈసారి ఒకే ఒక్క ఫారసీ పద్యం తీసుకుని దానిమీదే నడుపుదామనుకున్నాను.

కుష్తగానె ఖంజరె తస్లీమ్ రా
హర్ జమాన్ అజ్ గైబ్ జానె దీగర్ అస్త్

ఖొరాసాన్‌కు చెందిన అహ్మదె జామ్ (1049–1141) పద్యంగా చెబుతారు. 1235లో ఢిల్లీలో సూఫీలు పాట వినడానికి కూడే ఒక సమా సభలో దీన్ని పాడగా విని సూఫీ గురువు ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ ఒళ్లు మరిచారు. ఆ స్థితిలోనే నాలుగు రోజులుండి కన్నుమూశారు. మెహ్రౌలీలో ఆయన దర్గా ఉంది.

నా అనువాదం ఇది: “తస్లీమ్ అనే బాకుకు నేలకొరిగినవాళ్ళకు అదృశ్యం నుంచి క్షణక్షణం మరో ప్రాణం.” తస్లీమ్ దగ్గర ఆగిపోయాను. పిల్లల్లో ఒకరు ‘ఓటమి’ అన్నారు, ఒకరు ‘శరణాగతి’ అన్నారు. ఒకమ్మాయి “ఇది ఆత్మహత్యను పొగడడం కాదా మేడమ్?” అని అడిగింది. ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు.

దేవుని కడప: ఏ రాగమో నేను చెప్పలేనండి. మా ఊరి పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ మాత్రం చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఒకసారి ముందువరసలో కూర్చున్న పెద్దాయన ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. పాడేవాళ్ళు అప్పుడు పాడుతున్న ముక్కనే పట్టుకుని మళ్ళీ మళ్ళీ, మళ్ళీ మళ్ళీ పాడారు. చప్పట్లు కూడా ఆ ముక్క చుట్టూనే. తరువాతి ముక్క మరిచిపోయారేమో అనుకున్నా. ఆయన మెల్లగా కూర్చున్నాకే ముందుకు కదిలారు.

మలిపొద్దు: నేనడిగింది రాగం గురించి కాదు గానీ, మీరు చెప్పింది నాకు చాలా పనికొస్తుంది.

వాలుగాలి: ‘కుష్త’ అంటే మన కుస్తీయే కదా. ‘గైబ్’ గైరుహాజరులోని గైరు. కాబట్టి ‘బాకుతో కుస్తీపట్టేవాళ్ళకు, ఇక్కడ లేనిచోటునుంచి’ అని అర్థం రావాలి.

పాత బస్తీ పంతులు: వాలుగాలి గారూ, రెండింటిలోనూ దగ్గరిదాకా వచ్చి పక్కకు తిరిగారు. కుష్తన్ అంటే చంపడం, కుష్త అంటే చంపబడినవాడు. కుస్తీ వేరే మాట. ‘గైరు’ అంటే ‘కానిది, ఇతరం’. గైరుహాజరు అంటే హాజరు కాకపోవడం. ‘గైబ్’ మాత్రం కంటికి ఆననిది. “చెప్పులు గాయబ్” అంటామే, ఆ గాయబ్ దీని తోబుట్టువు. అయితే మీ ఊహ ఉత్తిపోలేదు. హాజరుకు అసలైన ఎదురుమాట గైబే. సూఫీలు ‘గైబత్’, ‘హుజూర్’ అని జంటగా వాడతారు. లోకం ఎదుట లేకపోవడం, దేవుడి ఎదుట ఉండడం.

‘రా’ అనే చిన్నముక్కనూ వదలకండి మేడమ్. మామూలుగా అది మన ‘ను’. ఇక్కడ ‘కు’. పిల్లలు ‘చచ్చినవాళ్ళను’ అని మొదలుపెడితే రెండో పాదం అతకదు. చివరి ‘అస్త్’ సంస్కృతం ‘అస్తి’కి చుట్టమే, అది వాళ్ళకు వెంటనే తెలుస్తుంది.

నడక కూడా చూపించండి. ‘కుష్ త గా నె’ గురువు, లఘువు, గురువు, గురువు. అంటే రగణం మీద ఒక గురువు. పాదమంతా రగణం–గురువు, రగణం–గురువు, చివర ఒట్టి రగణం. రెండో పాదంలో ‘జమాన్ అజ్’ను ‘జమానజ్’ అని కలిపి చదివితేనే గణం కుదురుతుంది. రూమీ మస్నవీ నడక కూడా ఇదే.

పత్తర్‌గట్టి: కుష్త అనగానే మా తాత గుర్తొచ్చారు. ఆయన యునానీ మందులు చేసేవారు. లోహభస్మాన్ని యునానీలో ‘కుష్తా’ అంటారు, చంపిన లోహం. ఆయుర్వేదంలోనూ ఆ పనిని మారణం అనే అంటారు కదా. ఇనుముతో చేసేది కుష్తా ఫౌలాద్. తాత చిటికెడు పొడి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దేవారు. అది వేలిగీతల్లోకి దిగిపోవాలి. నీళ్ళమీద చల్లితే తేలాలి. ఇనుము ఇనుముగా ఉన్నంతకాలం ఒంటికి పట్టదు, చచ్చాకే మందు. ఈ పద్యం చదివితే నాకు అదే కనిపించింది.

పాత బస్తీ పంతులు: ఎంత మంచి పోలిక! క్లాసులో చెప్పండి, కానీ ఒక హెచ్చరికతో. కవి మనసులో ఆ మందు ఉందనడానికి ఆధారం లేదు. పైగా భస్మానికి ఇంకో పరీక్ష ఉంది, అపునర్భవం. అది తిరిగి లోహం కాకూడదు. ఈ పద్యంలో జరిగేది దానికి తలకిందులు: చచ్చినవాడికి ప్రాణం వస్తూనే ఉంటుంది.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. మొదటి పాదం ఒక్కటే చదివితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. సూఫీలు మొదటిదాన్ని ‘ఫనా’ అంటారు, ‘నేను’ చెరిగిపోవడం. రెండోదాన్ని ‘బఖా’ అంటారు, దేవుడితో నిలిచి ఉండడం. ‘హర్ జమాన్’ అంటే ప్రతి ఘడియా. ఒక్కసారి కలిసిపోయి ముగిసే కథ కాదు. మన పిల్లలు ఫనా అనగానే ‘ఓహో, మోక్షం’ అని రాసేసుకుంటారు. ఈ ‘హర్’ దగ్గర వాళ్ళను ఆపండి.

మలిపొద్దు: నేను విన్న కథలో మొదటి పాదం పాడితే ఖ్వాజా గారి ప్రాణం పోయేదట, రెండో పాదానికి తిరిగొచ్చేదట. చివరికి రెండోది పాడకుండా ఆపేశారట.

పాత బస్తీ పంతులు: జనంలో ఉన్న కథ అదే. చెప్పడానికి అందంగా ఉంటుంది. కానీ పాత కథనం తర్వాతి తరాల సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా మాటల్లో ఉంది. అమీర్ హసన్ సిజ్జీ 1308–1322 మధ్య రాసిపెట్టిన ‘ఫవాయిదుల్ ఫువాద్’లో. అందులో ఖ్వాజా సభనుంచి ఇంటికొచ్చి “ఆ పద్యమే పాడండి” అంటూ ఉండిపోతారు. నమాజు వేళకు మాత్రం తేరుకుని నమాజు చేస్తారు, మళ్ళీ అదే పద్యం, మళ్ళీ అదే స్థితి. నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు. ఐదో రాత్రి పోయారు. ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి, నమాజు ముక్క ఎందులో ఉందో, ఎందులో లేదో పిల్లలనే వెతకమనండి. కడప మిత్రుడు చూసిందీ ఈ మర్యాదే. ఎవరికైనా ‘హాల్’, అంటే ఒళ్ళు మరిచే స్థితి, వచ్చినప్పుడు ఏ మాట దగ్గర వచ్చిందో ఆ మాటను పాడేవాడు విడిచిపెట్టకూడదు.

దేవుని కడప: అయితే వాళ్ళు మరిచిపోలేదన్నమాట! ఇన్నేళ్ళకు తెలిసింది, సంతోషమండి.

పాత బస్తీ పంతులు: ఇక తస్లీమ్. సలాం, ఇస్లాం ఉన్న ధాతువే. ఖురాన్ 4:65 చివర ‘యుసల్లిమూ తస్లీమా’ అని వస్తుంది. నమాజు ముగింపులో కుడికీ ఎడమకీ తల తిప్పి సలాం చెప్పడాన్నీ తస్లీమ్ అంటారు. ‘సల్లమ’ అంటే ఒకరి చేతికి ఇచ్చెయ్యడం కూడా. అందుకే ‘ఓటమి’ కుదరదు. శరణాగతిలో ‘కాపాడు’ అన్న మొర ఉంటుంది. ఇక్కడ ఆ మొర కూడా లేదు. నన్నడిగితే ‘అప్పగింత’ అంటాను.

మలిపొద్దు: అప్పగింత! వలీ, అంటే సూఫీ మహాత్ముడు, కన్నుమూసిన రోజును ‘ఉర్స్’ అంటారు కదా, ఆ మాటకు అర్థమే పెళ్ళి. ‘అప్పగింత అనే బాకుకు నేలకొరిగినవాళ్ళకు...’ చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

వాలుగాలి: నాకు ఒప్పట్లేదండీ. అప్పగింతల్లో అమ్మానాన్నలు పిల్లను అప్పగిస్తారు, పిల్ల తనను తాను అప్పగించుకోదు. మా అక్క పెళ్ళిలో ఆ పాలగిన్నెలో చేతులు ముంచుతున్నప్పుడు దాని మొహం నాకింకా గుర్తుంది. ఈ పద్యంలో బాకు కింద ఎవరికి వారే తల పెడుతున్నారు.

పాత బస్తీ పంతులు: నిజమే, అది గట్టి అభ్యంతరం. ‘అప్పగించుకోవడం’ అంటే అర్థం కుదురుతుంది, కానీ పాదం బరువెక్కిపోతుంది.

మలిపొద్దు: సోమవారం బోర్డుమీద తస్లీమ్ చోట ఖాళీ గీత గీసి వదిలేస్తాను. అప్పగింత, శరణాగతి, ఓటమి మూడూ పక్కన రాసి, పద్యం రెండు పాదాలూ పదిసార్లు బయటికి చదివిస్తాను. ఆ అమ్మాయి ఏది ఎంచుకుంటుందో వచ్చి చెబుతా.